మడ చెట్టు బురదలో ఊపిరి ఎలా తీసుకుంటుంది, ఉప్పును ఎలా వదిలించుకుంటుంది: సైన్స్ డే ప్రసంగానికి కావలసిన సరుకు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఫిబ్రవరి 28న స్కూల్లో సైన్స్ డే. మడ చెట్ల శ్వాస వేర్లు, ఉప్పు విసర్జన మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి, తర్వాత జడ్జీలు ప్రశ్నలు అడుగుతారట. పుస్తకంలో ఉన్నది నాలుగు లైన్లే. ఏం చెప్పాలి? స్టేజీ మీద చేసి చూపించడానికి ఏమైనా ఉందా? మాది కాకినాడ దగ్గరే.

సమాధానం:

ముందు ఒక మాట. మడ చెట్లన్నిటి గురించీ చెప్పబోతే ఐదు నిమిషాలు పేర్లు చదవడానికే అయిపోతాయి. ఒక్క చెట్టును పట్టుకోమనండి. మీరు కాకినాడ దగ్గరే ఉన్నారు కాబట్టి కోరింగలో కనిపించే తెల్లమడ సరిగ్గా సరిపోతుంది. దాని శాస్త్రీయ నామం అవిసెన్నియా మెరీనా. శ్వాస వేర్లు, ఆకు మీద ఉప్పు గ్రంథులు రెండూ ఉన్న చెట్టు ఇది. దాని పక్కనే పెరిగే ఉప్పు పొన్న, అంటే రైజోఫొరా, ఈ రెండు పనులనూ వేరే పద్ధతిలో చేస్తుంది. పోలిక చూపడానికి దాన్ని ఒకటి రెండు వాక్యాల్లో వాడుకుంటే చాలు.

చాలా ప్రసంగాలు తప్పేది ఇక్కడే. ఉప్పు పొన్న కాండం నుంచి గొడుగు కమ్మీల్లా వంగి బురదలో దిగే వేర్లను చూపించి "ఇవే శ్వాస వేర్లు" అంటారు. అవి ఊత వేర్లు. వాటి మీద కూడా గాలి రంధ్రాలుంటాయి, గాలిని లోపలికి పంపుతాయి. కానీ పుస్తకం శ్వాస వేర్లు అన్నది తెల్లమడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా నిలువుగా లేచే వాటిని. బొమ్మ ఒకటీ మాట ఒకటీ అయితే మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

బురదలో గాలి ఎందుకు ఉండదు

వేరు కూడా బతికున్న కణజాలమే, దానికీ ఆక్సిజన్ కావాలి. మామూలు నేలలో మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటుంది. మడ నేలలో ఆ ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోతాయి. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీళ్లలో సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. పైగా బురదలోని బ్యాక్టీరియా దొరికిన కాస్త ఆక్సిజన్‌నూ వాడేసుకుంటాయి. అందువల్ల బురద పైపొర కొన్ని మిల్లీమీటర్లు దాటితే ఇక ఆక్సిజన్ దాదాపు ఉండదు.

ఆక్సిజన్ లేని చోట మరో రకం బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. మడలో అడుగు దిగబడి పైకి లాగినప్పుడు వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన అదే. బురద నల్లగా ఉండటానికి కారణం ఐరన్ సల్ఫైడ్. ఈ సల్ఫైడ్ వేర్లకు విషం. కాబట్టి చెట్టు తన వేరు ఊపిరికి గాలి పంపితే సరిపోదు, వేరు చుట్టూ ఉన్న విషాన్ని విరవడానికి కూడా కొంత పంపాలి. నల్లటి బురద గడ్డను విరిచి చూస్తే సన్న వేరు ఉన్న చోట దాని చుట్టూ తుప్పు రంగు గొట్టంలాంటి చార కనిపిస్తుంది. వేరు నుంచి బయటికి కారిన ఆక్సిజన్ అక్కడి ఇనుమును తుప్పుగా మార్చిన గుర్తు అది. గాలి నిజంగా కిందికి చేరుతోందనడానికి ఇంతకంటే కళ్లకు కట్టే రుజువు లేదు. ఫోటో దొరికితే ప్రొజెక్టర్ మీద ఆ ఒక్కటి చూపించినా చాలు.

శ్వాస వేరు పనిచేసే తీరు

తెల్లమడ వేర్లు లోతుకు పోవు. కాండం నుంచి నాలుగు వైపులకూ, బురద పైపొరలోనే, తాళ్లలా అడ్డంగా పాకుతాయి. ఆ తాడు వేర్ల మీద కొద్ది కొద్ది ఎడంలో నిలువుగా శ్వాస వేర్లు మొలుస్తాయి. సాధారణంగా ఒక స్కేలు పొడవుకు, అంటే 30 సెంటీమీటర్లకు మించవు. రెండు మూడు మీటర్ల ఎత్తున్న ఒక్క చెట్టుకు పది వేలకు పైగా శ్వాస వేర్లు ఉండవచ్చు. ఈ అంకె తప్పకుండా చెప్పమనండి, పిల్లలు గుర్తుపెట్టుకుంటారు.

ప్రతి శ్వాస వేరు మీదా గరుకుగా చిన్న చిన్న మచ్చలుంటాయి. అవి లెంటిసెల్స్, అంటే గాలి రంధ్రాలు. నీటిని తడవనివ్వని గుణం ఉండటం వల్ల పోటు వచ్చి మునిగినా నీళ్లు వాటిలోకి దూరవు. లోపల స్పంజిలాంటి కణజాలం ఉంటుంది. వేరు ఘనపరిమాణంలో దాదాపు సగం గాలి గదులే. గాలి ఈ గదుల గుండా తాడు వేరులోకి, అక్కడి నుంచి సన్న వేర్లలోకి చేరుతుంది.

"శ్వాస" అనే మాట వల్ల ఈ వేర్లు ఊపిరితిత్తుల్లా గాలిని పీల్చి వదులుతాయని పిల్లలు అనుకుంటారు. అక్కడ కండరమేమీ లేదు. ప్రధానంగా జరిగేది వ్యాపనం: బయట ఆక్సిజన్ ఎక్కువ, లోపల తక్కువ, కాబట్టి అది లోపలికి నడుస్తుంది. దీనికి పోటు, పాటు చేసే సాయం ఒకటుంది. పోటులో రంధ్రాలు మునిగి మూసుకుపోతాయి. లోపలి వేర్లు మాత్రం ఆక్సిజన్‌ను వాడుతూనే ఉంటాయి. దానికి బదులుగా వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీటిలో సులువుగా కరిగిపోతుంది, వాయువుగా మిగలదు. ఆక్సిజన్ పోయి, దాని స్థానంలో వచ్చిన వాయువూ కరిగిపోతే వేరు లోపల పీడనం తగ్గుతుంది. పాటులో నీరు దిగి రంధ్రాలు తెరుచుకున్న వెంటనే బయటి గాలి లోపలికి లాగబడుతుంది.

దీన్ని కొలిచి చూపించిన శాస్త్రవేత్త పర్ షోలాండర్. ఆయన బృందం 1955లో ప్రచురించిన పరిశోధనలో ఉప్పు పొన్న జాతి చెట్టు ఊత వేర్ల మీది రంధ్రాలను గ్రీజుతో మూసేశారు. అంతకుముందు బురదలోని వేర్లలో 15 నుంచి 18 శాతం ఉన్న ఆక్సిజన్ రెండు రోజుల్లో 2 శాతానికి పడిపోయింది. గాలి పై నుంచే వస్తోందని ఇంకే వాదనా అక్కర్లేకుండా తేల్చిన ప్రయోగం ఇది. చమురు ఒలికి శ్వాస వేర్లకు పూతలా పట్టినా, ఇసుకో మట్టో వచ్చి వాటి తలలు కప్పేసినా చెట్టు చచ్చిపోయేది ఇందుకే. మడలో చమురు పడటమంటే షోలాండర్ గ్రీజు ప్రయోగాన్ని అడవి మొత్తం మీద చేసినట్టే.

ఉప్పు సంగతి: మొదటి వడపోత వేరు దగ్గరే

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పు నీళ్లు నీటిని తమవైపు లాగి పట్టుకుంటాయి. ఆ పట్టును గెలిచి మంచినీటిని బయటికి లాగాలంటే వాతావరణ పీడనానికి 25 రెట్ల బలం కావాలి. మోటారు సైకిల్ టైరులో మనం కొట్టే గాలి దాదాపు రెండు రెట్లే. మడ చెట్టు ఈ బలాన్ని ఆకుల నుంచి తెచ్చుకుంటుంది. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటే దారువులోని నీటి స్తంభం పైకి బిగుతుగా లాగబడుతుంది. షోలాండర్ తర్వాత కొలిస్తే ఆ లాగుడు 30 నుంచి 60 రెట్ల వాతావరణ పీడనం దాకా తేలింది. సముద్రపు నీటిని శుద్ధి చేసే ఆర్.ఓ. ప్లాంటులో మోటారు చేసే పనినే ఇక్కడ ఎండ చేస్తోంది.

ఆ లాగుడుకు నీరు వేరులోకి వస్తుంది, ఉప్పులో ఎక్కువ భాగం బయటే ఆగిపోతుంది. తెల్లమడ వేరు సుమారు 90 శాతం ఉప్పును ఆపుతుంది, ఉప్పు పొన్న 99 శాతం దాకా ఆపుతుంది. ఈ రెండు అంకెలకూ తేడా తొమ్మిదే అనిపిస్తుంది కానీ ఫలితంలో తేడా పది రెట్లు. లెక్క వేసి చూడండి. రెండు చెట్లూ రోజుకు పది లీటర్ల సముద్రపు నీటిని లాగుతున్నాయని అనుకుందాం (లెక్క సులువు కోసం తీసుకున్న అంకె ఇది, కొలిచింది కాదు). పది లీటర్లలో 350 గ్రాముల ఉప్పు. తెల్లమడలో అందులో పదో వంతు, అంటే 35 గ్రాములు లోపలికి వస్తుంది. ఉప్పు పొన్నలో వచ్చేది 3.5 గ్రాములే. నెలకు తెల్లమడలో కిలోకు పైగా, ఉప్పు పొన్నలో వంద గ్రాముల చిల్లర. ఉప్పు గ్రంథులు తెల్లమడకు ఉండటానికీ ఉప్పు పొన్నకు లేకపోవడానికీ కారణం ఈ లెక్కలోనే ఉంది. అమ్మాయి బోర్డు మీద ఈ లెక్క చేసి చూపిస్తే సగం ప్రసంగం అయినట్టే.

రెండో పని: ఆకు మీది గ్రంథులు

తెల్లమడ ఆకుకు రెండు వైపులా ఉప్పు గ్రంథులుంటాయి. పై వైపు చిన్న గుంటల్లో కూర్చుని ఉంటాయి, అడుగు వైపు తెల్లటి నూగులో దాగి ఉంటాయి. ఆకు అడుగు తెల్లగా కనిపించేది ఆ నూగు వల్లే. ఒక్కో గ్రంథిలో అడుగున రెండు నుంచి నాలుగు కణాలు ఉప్పు నీటిని పోగుచేస్తాయి, మధ్యలో ఒక కాడ కణం, పైన ఎనిమిది నుంచి పన్నెండు స్రావక కణాలు. కాడ కణం పక్క గోడలు నీరు దూరని పదార్థంతో పూసి ఉంటాయి కాబట్టి ఒకసారి పైకి వెళ్లిన ఉప్పు గోడల గుండా వెనక్కి జారదు. స్రావక కణాల మీది పైపొరలో సన్నటి రంధ్రాలుంటాయి, వాటి గుండా ఉప్పు ద్రావణం బొట్టుగా బయటికి వస్తుంది.

ఎండలో ఆ బొట్టు ఎండి తెల్లటి స్ఫటికమవుతుంది. భూతద్దంతో చూస్తే చక్కగా కనిపిస్తుంది. రాత్రి మంచుకు కరిగి ఆకు నుంచి జారిపోతుంది, వాన పడితే కడుక్కుపోతుంది. అందుకే ఫిబ్రవరి నెలాఖరు ఈ విషయం చూపించడానికి మంచి కాలం. వానలుండవు, గోదావరిలో వరద నీరుండదు, ఏటి నీటిలో ఉప్పు పెరిగి ఉంటుంది.

ఇక్కడ జడ్జీలకు నచ్చే సూక్ష్మం ఒకటుంది. వేరు దగ్గరి వడపోత ప్రధానంగా భౌతికమైనది. వేర్లను బాగా చల్లబరిచినా, జీవక్రియను ఆపే విషం పెట్టినా వడపోత ఆగలేదని 1968లో షోలాండర్ చూపించారు. ఆకు గ్రంథి అలా కాదు. అది కణశక్తిని ఖర్చుపెట్టి ఉప్పును బయటికి తోస్తుంది. శ్వాసక్రియను ఆపే విషం పెడితే ఆ పని ఆగిపోతుంది. వేరు జల్లెడ, గ్రంథి పంపు.

ఇంకొక జాగ్రత్త. "మడ చెట్లు ఉప్పునంతా ముసలి ఆకుల్లోకి పంపి, ఆ ఆకులను రాల్చేస్తాయి" అని చాలా చోట్ల రాసి ఉంటుంది. ఆకు రాలితే దానితో పాటు అందులోని ఉప్పూ పోతుంది, అంతవరకు నిజం. కానీ రాలబోయే పసుపు ఆకులో ముదురు పచ్చ ఆకు కంటే ఉప్పు గాఢత ఎక్కువ ఉందా అని కొలిచి చూస్తే చాలా సందర్భాల్లో పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి దాన్ని ప్రధాన పద్ధతిగా చెప్పొద్దు.

స్టేజీ మీద చేసి చూపించడానికి

మొదటిది ఉప్పు పరీక్ష. కోరింగ అభయారణ్యం కాబట్టి అనుమతి లేకుండా లోపల ఆకు కూడా కోయకూడదు. స్కూలు తరఫున అటవీ శాఖను ముందుగా అడగండి, లేదా అభయారణ్యం బయట ఏటిగట్టున ఉన్న చెట్టును చూసుకోండి. తెల్లమడ ఆకులు ఐదు, అదే గట్టు మీది ఉప్పు పొన్న ఆకులు ఐదు కావాలి. ఉప్పు పొన్న ఎందుకంటే సముద్రపు గాలి తుంపర రెండింటి మీదా ఒకేలా పడుతుంది. తేడా వస్తే అది గ్రంథుల వల్లేనని చెప్పొచ్చు. మామిడాకును ఊళ్లో నుంచి తెచ్చి పోల్చితే ఈ మాట చెప్పలేం.

ఒక్కో రకాన్ని విడిగా 25 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో అర నిమిషం ఆడించండి. తొడిమ తెగిన కొన నీళ్లలో మునగకూడదు, మునిగితే ఆకు లోపలి రసం కారి లెక్క తప్పుతుంది. ఆకుల్ని తొడిమ దగ్గరే పట్టుకోవాలి. వేళ్ల చెమటలో ఉప్పుంటుంది. తర్వాత ఒక్కో నీటిలోంచి ఐదు మిల్లీలీటర్లు పరీక్షనాళికలో తీసుకుని రెండు చుక్కలు సజల నత్రికామ్లం, మూడు చుక్కలు 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్ వేయాలి. ఆ ద్రావణానికి 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 1.7 గ్రాములు కరిగిస్తే సరి. తెల్లమడ నాళికలో పెరుగు విరిగినట్టు తెల్లటి అవక్షేపం వస్తుంది, ఉప్పు పొన్న దాంట్లో పలచటి మసక మాత్రమే రావాలి. మూడో నాళికలో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పెట్టండి. అదీ తెల్లబడితే నీళ్లే బాగాలేవని అర్థం. కుళాయి నీళ్లు వాడితే మూడూ తెల్లబడతాయి, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. ఆమ్లం, సిల్వర్ నైట్రేట్ టీచరే వేయాలి, గ్లవ్స్ తప్పనిసరి. సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే నల్ల మచ్చ రోజుల తరబడి పోదు.

రెండోది పీడనం తగ్గడాన్ని చూపే సీసా. పల్చటి అర లీటరు నీళ్ల సీసా ఒకటి తీసుకోండి. ఇంకో లీటరు సీసాలో 150 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, రెండు టీస్పూన్ల వంటసోడాను కొంచెం కొంచెంగా వేస్తూ, వచ్చే వాయువును గొట్టం ద్వారా చిన్న సీసా అడుగుకు పంపండి. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు కాబట్టి అడుగు నుంచి నిండుతూ గాలిని పైకి తోస్తుంది. వెనిగర్ సీసాను గట్టిగా బిగించి గొట్టాన్ని మూయకండి, పేలుతుంది. ఇప్పుడు చిన్న సీసాలో 150 మిల్లీలీటర్ల బాగా చల్లటి నీళ్లు పోసి, వెంటనే మూత బిగించి, అర నిమిషం కుదిపితే సీసా గోడలు లోపలికి సొట్టబోతాయి. గాలి మాత్రమే ఉన్న మరో సీసాతో అదే చేస్తే అంత సొట్ట రాదు. మూత తీయగానే "సుయ్" మని గాలి లోపలికి పోతుంది. పాటులో శ్వాస వేరుకు జరిగేది అదే. సొట్ట రాకపోతే మూడు కారణాలే: వాయువు చాలలేదు, నీళ్లు వెచ్చగా ఉన్నాయి, లేదా సీసా మందంగా ఉంది.

ప్రసంగం

దీన్ని తాపీగా చదివితే సీసా ప్రయోగంతో కలిపి ఐదు నిమిషాల్లోపు అవుతుంది. అమ్మాయి తన మాటల్లోకి మార్చుకోవాలి.

"పెద్దలకు, ఉపాధ్యాయులకు నమస్కారం. మీకు ఒక చెట్టు ఒక్క రోజును చూపిస్తాను. ఆ చెట్టు మన కోరింగలోని తెల్లమడ.

ఉదయం పాటు. నీరు దిగిపోయింది. చెట్టు చుట్టూ నల్లటి బురద, ఆ బురదలోంచి వేల పెన్సిళ్లు గుచ్చినట్టు శ్వాస వేర్లు. ఈ బురదలో కొన్ని మిల్లీమీటర్లు దాటితే ఆక్సిజన్ ఉండదు. మామూలు చెట్టును ఇక్కడ నాటితే వేర్లు ఊపిరాడక కుళ్లిపోతాయి. తెల్లమడ మాత్రం తన వేర్లలో కొన్నిటిని పైకి పంపింది. మూడు మీటర్ల చెట్టుకు ఇలాంటివి పది వేలకు పైగా ఉండవచ్చు. వాటి మీది రంధ్రాల్లోంచి గాలి లోపలికి వెళ్లి, స్పంజిలాంటి గదుల గుండా బురదలోని వేర్లకు చేరుతోంది.

ఎండెక్కింది. ఆకుల నుంచి నీరు ఆవిరవుతోంది. ఆ లాగుడుకు వేర్లు ఉప్పు నీటిలోంచి నీటిని గుంజుకుంటున్నాయి. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీరది. వేరు అందులో 90 శాతాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. మిగిలిన పది శాతం ఆకు దాకా వస్తుంది. అక్కడ కంటికి కనిపించనంత చిన్న గ్రంథులు శక్తిని ఖర్చుపెట్టి దాన్ని బయటికి తోస్తాయి. మిట్టమధ్యాహ్నానికి ఆకు మీద ఉప్పు స్ఫటికాలు మెరుస్తుంటాయి.

సాయంత్రం పోటు. నీరు ఎక్కింది, శ్వాస వేర్లు మునిగాయి. రంధ్రాల్లోకి నీరు పోదు, గాలీ రాదు. లోపల ఉన్న ఆక్సిజన్‌తోనే వేర్లు గడుపుకోవాలి. ఆక్సిజన్ తగ్గుతోంది, పుట్టిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగిపోతోంది. అప్పుడు లోపల ఏమవుతుందో ఈ సీసాలో చూడండి." (ఇక్కడ సీసా కుదపాలి.) "సొట్టబోయింది. ఇప్పుడు మూత తీస్తున్నాను. ఆ చప్పుడు విన్నారా? నీరు దిగిన వెంటనే శ్వాస వేరులోకి గాలి అలాగే వెళుతుంది.

రాత్రి మంచు కురిసింది. ఆకు మీది ఉప్పు కరిగి బొట్లుబొట్లుగా బురదలోకి జారింది. తర్వాతి పోటు ఆ ఉప్పునూ, వేర్లు బయటే ఆపిన ఉప్పునూ కలిపి కడుక్కుని సముద్రంలోకి తీసుకుపోతుంది. తెల్లారేసరికి ఆకు శుభ్రంగా ఉంటుంది. మళ్లీ ఎండెక్కుతుంది."

అక్కడే ఆపి, ఉప్పు పరీక్ష నాళికలు ఎత్తి చూపించి దిగిపోవచ్చు. పరీక్షను ముందే టీచరు చేసి ఉంచాలి, స్టేజీ మీద ఆమ్లాలు వద్దు.

రాగల ప్రశ్నలు

"మడ చెట్టుకు బతకడానికి ఉప్పు తప్పనిసరా?" అని అడగొచ్చు. చాలా మడ జాతులు మంచినీటిలోనూ బతుకుతాయి. సముద్రపు నీటికంటే తక్కువ ఉప్పున్న నీటిలోనే బాగా పెరుగుతాయి. తెల్లమడ మాత్రం ఉప్పు అసలే లేకపోతే అంతగా ఎదగదు. మంచినీటి నేలల్లో మడలు కనిపించకపోవడానికి ముఖ్య కారణం అక్కడ వాటికంటే వేగంగా పెరిగే మొక్కలుండటం.

"కోరింగలో ఉప్పు గ్రంథులున్నది తెల్లమడకేనా?" నల్లమడకూ, గుగ్గిలం చెట్టుకూ ఉన్నాయి. ఉప్పు పొన్నకు లేవు.

"ఇన్ని ఏర్పాట్లున్నప్పుడు మడ చెట్లు ఎందుకు చచ్చిపోతున్నాయి?" కష్టమైన ప్రశ్న ఇదే, దీనికి బాగా సిద్ధం కావాలి. ఈ ఏర్పాట్లన్నీ పోటూపాటూ వచ్చిపోతుంటేనే పనిచేస్తాయి. చెరువు గట్టో రోడ్డో అడ్డుపడి నీరు బయటికి పోకుండా నిలిచిపోతే శ్వాస వేర్లు రోజుల తరబడి మునిగే ఉంటాయి. రంధ్రాలు గాలికి తెరుచుకునే పాటు రాదు, కాబట్టి వేర్లు ఉక్కిరిబిక్కిరై చస్తాయి. అదే గట్టు పోటును లోపలికి రానివ్వకపోతే మరో రకం చావు. వేరు బయటే ఆపిన ఉప్పును కడిగే నీరు లేక అది వేరు చుట్టూ పేరుకుంటుంది. ఎండాకాలంలో నేలలో తేమ ఆవిరై ఉప్పు సముద్రపు నీటిని మించిపోతుంది. నీటిని లాగడానికి కావలసిన బలం 25 రెట్ల నుంచి పెరుగుతూ పోయి, ఆకు లాగగలిగిన హద్దును తాకుతుంది. చెట్టు ముందు గిడసబారుతుంది, ఆకులు చిన్నవవుతాయి, కొమ్మలు పై నుంచి ఎండుతూ వస్తాయి. నేల మీద తెల్లటి పొర కనిపిస్తే కారణం ఉప్పు. నల్లటి నీరు నిలిచి, శ్వాస వేర్లు మెత్తబడి చేత్తో పట్టుకుంటే ఊడివస్తుంటే కారణం గాలి.

ఇలా పాడైన మడ నేలల్లో ఊరికే మొక్కలు నాటితే బతకవు. తమిళనాడులోని పిచ్చావరంలోనూ, మన గోదావరి, కృష్ణా మడల్లోనూ ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖలు కలిసి ముందు కాలువలు తవ్వించాయి. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. ఆ కాలువల్లో పోటు ఎక్కి పాటు దిగుతుంటే నిలిచిన నీరు పోయి, పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. మొక్కలు నాటింది ఆ తర్వాతే, పిల్ల కాలువల గట్ల వాలు మీద. అక్కడైతే పోటులో వేర్లు తడుస్తాయి, పాటులో గాలికి తేలతాయి.